సేల్స్ నుంచి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కు: నమ్మకం లేని ప్యానెల్ ముందు మీ అనుభవాన్ని ఎలా చెప్పాలి

అనంతపురం, కర్నూలు, కడప వైపు నాలుగైదేళ్లు ఫీల్డ్ సేల్స్‌లో తిరిగి, ఇప్పుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగాలకు వెళ్తున్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, రెజ్యూమె చూసి పిలుస్తున్నారు. లోపలికి వెళ్లి కూర్చున్నాక 'మీరు సేల్స్ కదా' అంటున్నారు. అక్కడ ఏం చెప్పాలి?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు వరుసగా రాస్తున్నా. నేనూ సేల్స్ నుంచి వచ్చినవాణ్ణే. ఇప్పుడు టేబుల్‌కి అటువైపు కూర్చుంటున్నాను కాబట్టి, మీరు బయటికి వెళ్లాక అక్కడ ఏం మాట్లాడుకుంటారో కూడా తెలుసు.

"నాకు కమ్యూనికేషన్ బాగుంది, కస్టమర్ బాగా తెలుసు, ఒత్తిడిలో పనిచేస్తాను" అనే జాబితా వల్ల లాభం లేదు. సేల్స్ నుంచి వచ్చే ప్రతి ఒక్కరూ అదే చెప్తారు. ప్యానెల్ నమ్మేది ఒక్క కేసును. అందులో మీరు ఏం చూశారు, ఏం తేల్చుకున్నారు, దేన్ని వద్దన్నారు అన్నది కనిపించాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క కేసును తయారుచేసుకోవడం గురించే.

కావలసినవి

- గత ఏడాది, ఏడాదిన్నరలో మీరు చూసిన డీల్స్ జాబితా. ముఖ్యంగా పోయినవి, రెన్యువల్ కానివి.
- మీ డైరీ, కాల్ నోట్సు, షాపుల్లో మీరు రాసుకున్న చీటీలు. సీఆర్‌ఎంలో ఎక్కించిన దానికన్నా ఇవే విలువైనవి.
- మీతో పనిచేసిన సపోర్ట్ లేదా డెవలప్‌మెంట్ మనిషి ఒకరు. మీ కథ విని "ఇది నిజం, ఇది నువ్వు కలిపింది" అని మొహం మీద చెప్పగలగాలి.
- మీరు వెళ్తున్న ఉద్యోగం వివరణ. ప్రింట్ తీసుకుంటే మంచిది, గీతలు పెట్టుకోవచ్చు.
- ఫోన్లో వాయిస్ రికార్డర్.

జాగ్రత్త: పాత కంపెనీ డేటా మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్లకిచ్చిన రేట్లు ఇంటర్వ్యూలో చెప్పొద్దు. "అనంతపురం వైపు ఎరువుల షాపు" అంటే చాలు. పాత కంపెనీ గుట్టు ఇక్కడ విప్పినవాడు రేపు మన గుట్టు ఇంకోచోట విప్పుతాడనే ప్యానెల్ అనుకుంటుంది.

1. ముందు వాళ్ల అనుమానాలు రాసుకోండి

సేల్స్ మనిషిని చూడగానే ప్యానెల్‌కు వచ్చే అనుమానాలు ముఖ్యంగా మూడు. గట్టిగా అరిచిన కస్టమర్ అడిగిందల్లా తెచ్చి డెవలపర్ల మీద పడేస్తాడేమో. ఒకరిద్దరు చెప్పింది పట్టుకుని మార్కెట్ అంతా అదే అంటాడేమో. నెలాఖరు టార్గెట్ దాటి ఆలోచించలేడేమో.

ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. మీరు ఎంచుకునే కేసు వీటిలో కనీసం రెండింటికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే అది ఎంత గొప్ప డీల్ అయినా పక్కన పెట్టండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. తమ కెరీర్‌లో అతిపెద్ద డీల్ చెప్తారు. ఆ డీల్ వింటే ప్యానెల్ అనుమానం ఇంకా బలపడుతుంది: "అవును, బాగా అమ్ముతాడు, అక్కడే ఉండనీ."

2. పోయిన డీల్స్‌లో వెతకండి

గెలిచిన డీల్ ఎందుకు గెలిచిందో ఎవరూ తవ్వరు. పోయినదాన్ని తవ్వితే ప్రొడక్ట్ లోపం దొరుకుతుంది. జాబితా ముందేసుకుని, ప్రతిదాని పక్కన సీఆర్‌ఎంలో మీరు నొక్కిన కారణం రాయండి. సగానికి పైగా "ధర ఎక్కువ" అని ఉంటుంది చూడండి. సాయంత్రం ఏడింటికి బస్టాండులో నిలబడి ఎంట్రీలు కొట్టేటప్పుడు అందరం అదే నొక్కుతాం. మేనేజరు కూడా ఎదురు ప్రశ్న వేయడు.

ఇప్పుడు ఆ పక్కన ఇంకో గడి గీసి, "వీళ్లు మన దాని బదులు ఇప్పుడు ఏం వాడుతున్నారు?" అని రాయండి. గుర్తులేకపోతే, ఇంకా అదే ఉద్యోగంలో ఉంటే, ఆ దారిన వెళ్లినప్పుడు ఆగి చూడండి. అమ్మడానికి కాదని ముందే చెప్పండి, టీ తాగేలోపు అంతా చెప్తారు.

3. ఒక కేసును చివరిదాకా లాగండి

ఎలా లాగాలో ఊరికే చెప్తే అర్థం కాదు. ఒక కేసు అనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీవి మీరు వేసుకోండి.

ఒకమ్మాయి అనంతపురం, కళ్యాణదుర్గం, ధర్మవరం వైపు ఎరువులు, పురుగుమందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మింది. అరవై షాపులు పెట్టించింది. ఏడాది తిరిగేసరికి ఇరవై రెండు రెన్యువల్ కాలేదు. వాటిలో పద్నాలుగింటికి కారణం "ధర ఎక్కువ". కంపెనీ డిస్కౌంట్ ఇచ్చింది, అయినా పెద్దగా కదలలేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి: ధరే కారణమైతే డిస్కౌంట్‌కి కదలాలి కదా?

ఆ పద్నాలుగులో తొమ్మిది షాపులకు వెళ్లింది. ఏడు చోట్ల గల్లా పక్కన పొడుగాటి ఖాతా పుస్తకం ఇంకా నడుస్తోంది. యూరియా ఇవ్వాలంటే ప్రభుత్వ మిషన్లో వేలిముద్ర ఎలాగూ తీసుకోవాలి. దాని మీద మన సాఫ్ట్‌వేర్‌లో బిల్లు. దాని మీద మళ్లీ పుస్తకంలో రాత. ఒకే బస్తాకు మూడు పనులు. డబ్బు కట్టి మరీ ఒక పని పెంచుకోవడం దేనికని సాఫ్ట్‌వేర్ మానేశారు. "ధర ఎక్కువ" అంటే అసలు అర్థం ఇదన్నమాట.

మరి పుస్తకం ఎందుకు వదల్లేదు? సాఫ్ట్‌వేర్ బిల్లు తేదీ నుంచి ముప్ఫై రోజులు లెక్కేసి, ఆ తర్వాత బాకీని ఎర్రగా చూపిస్తుంది, రైతుకు మెసేజ్ కొడుతుంది. వేరుశనగ రైతు వానలు పడ్డాక జూన్, జులైల్లో విత్తి, దాదాపు నాలుగు నెలలకు పంట తీసి, అమ్మాక కడతాడు. ఆగస్టు వచ్చేసరికి షాపులోని ప్రతి ఖాతా ఎర్రగానే ఉంది. అన్నీ ఎర్రగా ఉన్న జాబితాలో నిజంగా ఎగ్గొట్టేవాడు ఎవడో ఎలా తెలుస్తుంది? పైగా మెసేజ్ అందుకున్న రైతు షాపుకొచ్చి గొడవ. ఒక షాపాయన అన్నాడు: "శెనక్కాయ ఇంకా భూమిలోనే ఉంది పాపా. ఇప్పుడే దుడ్లు కట్టమని నీ మిషను ఫోన్లు కొడ్తాంటే, వాళ్లు ఇంగో అంగడికి పోరా?"

షాపువాళ్లు అడిగింది ఏమిటి? కొందరు డిస్కౌంట్, కొందరు వాట్సాప్ రిమైండర్. ఆమె ఆ రెండూ డెవలపర్ల దగ్గరికి తీసుకెళ్లలేదు. రిమైండర్ ఏ దారిన వెళ్లినా తప్పు సమయానికి వెళ్తే గొడవ గొడవే.

కొత్తగా ఏమీ కట్టించకుండా ముందు పరీక్షించింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఖాతాకు గడువు రోజులు మార్చే వీలు ఉంది, కానీ అది సపోర్ట్ వాళ్లకే కనిపిస్తుంది. వాళ్లను బతిమాలి, ఇంకా కస్టమర్లుగా ఉండి పుస్తకం కూడా నడుపుతున్న ఆరు షాపుల్లో, వేరుశనగ రైతుల ఖాతాలకు ముప్ఫై తీసి నూటయాభై పెట్టించింది. కొలత ఏమిటంటే, రెండు నెలల తర్వాత వెళ్లి పుస్తకంలో చివరి తేదీ ఏమిటో చూడటం. "బాగుందా అన్నా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. పుస్తకంలోని తేదీకి మొహమాటం ఉండదు.

నాలుగు పుస్తకాలు ఆగిపోయాయి. రెండు ఆగలేదు. ఆ రెండు షాపుల్లో రైతు చేత పుస్తకంలో సంతకం, లేదంటే వేలిముద్ర తీసుకుంటున్నారు. రేపు మాట మారితే చూపించడానికి అదే ఆధారం. సాఫ్ట్‌వేర్‌లో దానికి చోటు లేదు. ఆమె మార్పు ఆ సమస్యను తీర్చదు. ఆ మాట ఆమె తనంతట తానే ప్యానెల్‌కు చెప్పాలి. నన్ను అడిగితే ఈ కేసు మొత్తంలో బలమైన వాక్యం అదే. ఇంత దూరం వచ్చాక "ఆరింటికి ఆరూ" అని ఊదేవాళ్లను చూశాను, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

4. "వద్దన్నది" విడిగా తయారుచేసుకోండి

ప్యానెల్ మొదటి అనుమానం గుర్తుందిగా, అరిచినవాడి మాట వింటాడని. దానికి జవాబు, మీకు నష్టం కలిగించిన ఒక "వద్దు".

మన కేసులోనే చూడండి. నాలుగు బ్రాంచీలున్న పెద్ద డీలరు బాకీల మీద వడ్డీ లెక్క సాఫ్ట్‌వేర్‌లోనే రావాలన్నాడు. అప్పుడే సంతకం పెడతానన్నాడు. ఆమె చుట్టుపక్కల షాపుల్లో అడిగి చూస్తే ఒకరు బిల్లు తేదీ నుంచి వేస్తారు, ఒకరు పంట వచ్చాక వేస్తారు, ఒకరు వడ్డీ అనకుండా అరువు రేటే పెంచి రాస్తారు. ఒకరి కోసం కట్టింది ఇంకొకరికి పనికిరాదు. బాకీల జాబితా ఎక్సెల్‌లో తీసి ఇస్తాను, వడ్డీ మీరే వేసుకోండి అని చెప్పింది. ఆయన ఆ నెల సంతకం పెట్టలేదు, ఆమెకు ఇన్సెంటివ్ పోయింది.

ఆ ఇన్సెంటివ్ పోయిందన్న మాట తప్పకుండా చెప్పండి. ఏమీ పోగొట్టుకోకుండా అన్న "వద్దు"కు అంత బరువు ఉండదు. మీ దగ్గర ఇలాంటిది లేకపోతే కల్పించొద్దు. "అప్పుడు ఒప్పుకున్నాను, డెవలపర్లకు ఇన్ని వారాలు పట్టింది, ఇద్దరే వాడారు, ఇప్పుడైతే ముందు ఫలానాది అడిగేవాణ్ణి" అని చెప్పినా సరిపోతుంది.

5. రెజ్యూమెలో వాక్యాలు మార్చండి

"రాయలసీమ ప్రాంతంలో 60 ఖాతాలు, టార్గెట్‌లో 110 శాతం" అన్న వాక్యం అమ్మకం ఉద్యోగానికి బాగుంటుంది. తీసేయక్కర్లేదు, కిందికి జరపండి. పైన ఇలా రాయండి: "'ధర ఎక్కువ' అని రెన్యువల్ కాని 14 షాపుల్లో 9 చోట్లకు వెళ్లి చూసి, కారణం ధర కాదని, బాకీ గడువు పంట కాలానికి సరిపోకపోవడమని గుర్తించాను. సపోర్ట్ టీమ్‌తో కలిసి 6 షాపుల్లో పరీక్షించాం. 4 షాపులు ఖాతా పుస్తకం ఆపేశాయి."

"గుర్తించాను" అని ఎక్కడ, "పరీక్షించాం" అని ఎక్కడ వాడారో గమనించండి. మీరు ఒక్కరే చేసింది ఏది, కలిసి చేసింది ఏది అన్నది వాక్యంలోనే తెలియాలి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మీరు చేయని పనికి "నేను కట్టాను" అని రాస్తే, ప్యానెల్‌లోని ఇంజినీరు దాన్నే పట్టుకుంటాడు.

6. కేసును మూడు నిమిషాల్లో చెప్పడం

ఈ వరుసలో చెప్పండి: ఏం జరుగుతోంది, అందరూ ఏం కారణం అనుకున్నారు, అది ఎందుకు సరిపోలేదు, నేను వెళ్లి ఏం చూశాను, ఏం పరీక్షించాం, ఏం తేలింది, ఏం తేలలేదు. కంపెనీ చరిత్ర, మీ రీజియన్ మ్యాపు అక్కర్లేదు. బెంగళూరులో కూర్చున్నవాళ్లకు అరువు మీద నడిచే ఎరువుల షాపు తెలియకపోవచ్చు. అందుకని "రైతు విత్తేటప్పుడు తీసుకుని పంట అమ్మాక కడతాడు" అన్న ఒక్క వాక్యం మొదట్లోనే పెట్టండి. అది లేకపోతే మిగతా కథ వాళ్లకు ఎక్కదు.

ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. అయినా మొదట తెలుగులో, ఈ ఫీల్డ్‌తో సంబంధం లేని మనిషికి చెప్పండి. అక్కకో, రూమ్మేటుకో. వాళ్లకు అర్థమైన వరుసనే ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లండి. మొదటే ఇంగ్లిష్‌లో కూర్చుకుంటే పెద్ద మాటలు దూరిపోయి అసలు సంగతి జారిపోతుంది.

7. ఎదురు ప్రశ్నలు

ఇవి దాదాపు ప్రతి ప్యానెల్‌లో వస్తాయి.

"ఆరు షాపుల మాట పట్టుకుని ప్రొడక్ట్ మార్చేస్తామా?" వాదించొద్దు. "మార్చకూడదు సార్. అన్నీ వేరుశనగ ప్రాంతం షాపులే. చీనీ తోటల రైతుల లెక్క వేరు, ఆదోని వైపు పత్తి లెక్క వేరు. నూటయాభై రోజులని అందరికీ పెట్టమనడం లేదు. గడువు మార్చుకునే వీలు షాపువాళ్లకే కనిపించేలా పెట్టి, ముందు ఇంకో పంట ప్రాంతంలో చూడాలంటున్నాను." మీ ఆధారం ఎక్కడిదాకా నిలుస్తుందో మీరే గీత గీస్తే వాళ్లు ఇక అక్కడ తవ్వరు.

"డెవలపర్ దీనికి మూడు నెలలంటే?" ఇక్కడ సేల్స్ వాళ్లు "ఒప్పిస్తాను" అంటారు. ప్యానెల్‌కు అది ఒత్తిడి పెడతానన్నట్టు వినిపిస్తుంది. "ఏ భాగానికి ఎక్కువ పడుతోందని అడుగుతాను" అనండి. మన కేసులో తెర మీద గడి చూపించడం చిన్న పని కావచ్చు. కష్టం పాత బిల్లుల గడువులన్నీ తిరగరాయడంలో ఉండొచ్చు. అప్పుడు కొత్త బిల్లులకే మార్పు పెట్టి, పాతవి వదిలేద్దామా అని అడగవచ్చు. మెసేజ్ మాటలు మార్చాలంటే టెలికం నిబంధనల ప్రకారం ఆ టెంప్లేట్ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. కాబట్టి మొదటి విడతలో మెసేజ్ ముట్టుకోకుండా, అది వెళ్లే తేదీ మాత్రమే మారుద్దామనవచ్చు.

"ఎస్‌క్యూఎల్ వచ్చా? స్పెక్ ఎప్పుడైనా రాశారా?" రాకపోతే రాదనండి. వెంటనే, ఉన్నది చూపించండి: ఆ ఆరు షాపుల పరీక్ష ఒక పేజీలో రాసి తీసుకెళ్లండి. సమస్య, ఎవరికి, మార్పు, ఏం చేయడం లేదు, ఎలా కొలుస్తాం. ఒక్క పేజీ చాలు. "నేర్చుకుంటాను సార్" అనే హామీ కంటే ఆ కాగితం నయం.

8. సిద్ధమయ్యారో లేదో చూసుకోవడం

మీ మూడు నిమిషాలు రికార్డు చేసి, మర్నాడు వినండి. వింటూ ఈ మూడు చూడండి.

"టార్గెట్", "క్లోజ్", "ఒప్పించాను" ఎన్నిసార్లు వచ్చాయి? ఒకటి రెండు సార్లైతే పర్లేదు. అంతకు మించితే మీరు ఇంకా డీల్ కథే చెప్తున్నారు.

కస్టమర్ అడిగింది, అసలు సమస్య వేరువేరుగా వినిపిస్తున్నాయా? రెండూ ఒకటే అయితే కేసు బలహీనం. షాపాయన అడిగాడు, మేం ఇచ్చాం అంటే అది ఆర్డరు తీసుకోవడమే.

మూడోది, నాకు బాగా పనిచేసే పరీక్ష. విన్న మనిషిని ఓ గంట తర్వాత కథ తిరిగి చెప్పమనండి. "బాకీ తేదీ పంటకు సరిపోలేదట, అందుకే పుస్తకం రాసుకుంటున్నారట" అని వస్తే సిద్ధమైనట్టే. "రైతులకు యాప్ ఏదో చేసిందట" అని వస్తే మళ్లీ మొదటికి.

ఆ తర్వాత మీ పాత సపోర్ట్ మనిషికి వినిపించండి. రిఫరెన్స్ కాల్ వస్తే ఆయన చెప్పేదీ మీరు చెప్పిందీ ఒకటిగా ఉండాలి.

కేసు దొరకకపోతే

కొందరి ఉద్యోగంలో నిజంగానే ఇలాంటిది ఉండదు. ఏజెంట్లకు స్టాకు తోసి డబ్బు వసూలు చేసే పనే ఉంటుంది. అప్పుడు నేరుగా ప్రొడక్ట్ మేనేజర్ అని కాకుండా ప్రీసేల్స్, ఆన్‌బోర్డింగ్, కస్టమర్ సక్సెస్ లాంటి ఉద్యోగం పట్టుకుని, అక్కడి నుంచి ప్రొడక్ట్ టీమ్‌కు మారడం తేలిక. ఇప్పుడున్న కంపెనీలోనే ప్రొడక్ట్ టీమ్ ఉంటే ముందు అక్కడ అడగండి. మీ మాట నిజమో కాదో వాళ్లకు ఇప్పటికే తెలుసు, సగం అనుమానం అక్కడే పోతుంది. జీతం కొంత తగ్గవచ్చు. ఇన్సెంటివ్‌తో కలిపి చూసుకునే అలవాటు ఉంటుంది కాబట్టి, ఆ లెక్క ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఇంటర్వ్యూ పోతే, హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి "ఏ అనుమానం తీరలేదు?" అని ఒక్క ప్రశ్న అడగండి. "అనుభవం చాలలేదు" అని మాత్రమే వస్తే దాంతో చేయగలిగింది ఏమీ లేదు, తర్వాతి చోటికి వెళ్లండి. "ఉదాహరణ ఒక్క ప్రాంతానిదే" అనో, "ఇంజినీర్లతో పనిచేసింది కనిపించలేదు" అనో వస్తే, ఒకటో మెట్టులో రాసుకున్న కాగితం తీసి, ఆ అనుమానం కింద గీత పెట్టి, మీ డైరీలో దానికి జవాబు చెప్పే ఇంకో షాపును వెతకండి.